టేబుల్ కాళ్లు 12 సెంటీమీటర్లు కోసిన సంగతి

పోయిన మీటింగు అయిపోయాక చాయ్ దగ్గర ముగ్గురు తల్లిదండ్రులు నన్ను పక్కకు పిలిచి ఒకే మాట అడిగారు. "మా పిల్ల కూడా ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద బొమ్మలు గీస్తున్నది, చెయ్యి గుంజుతున్నది అంటున్నది, మీ బిడ్డకు ఏం చేసిన్రు?" అని. నిలబడి చెప్పే ముచ్చట కాదని, తీరిగ్గా రాస్తానని చెప్పాను. ఇదిగో రాస్తున్నాను. కొంచెం పొడుగైతది, ఓపికతో చదవండి.

నేను బోర్డులు రాసినవాడినని మీకు తెలుసు. సిరోంచ బజారులో పైన మరాఠీ, కింద తెలుగు ఉన్న పాత దుకాణం బోర్డు ఎక్కడైనా మిగిలి ఉంటే అది నా చేతిదే కావచ్చు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. బిడ్డకు మాత్రం గీత అబ్బింది. చోటా భీమ్ 2008లో టీవీలోకి వచ్చినప్పుడు అది ఐదారేళ్ల పిల్ల. ఆ బొమ్మలు ఎక్కడో దూరదేశంలో కాదు, హైదరాబాద్‌లోనే తయారవుతున్నాయని తెలిసిన రోజు నుంచి దానికి వేరే ధ్యాస లేదు. హైదరాబాద్ పోయి నేర్చుకుంది. తిరిగి ఇంటికి వచ్చి పోయిన ఏడాది ఇక్కడి నుంచే పని మొదలుపెట్టింది. గోదావరి వంతెన దాటకుండానే జీతం వస్తున్నదని ఇంట్లో అందరం సంబరపడ్డాం.

మూడో నెల్లో ఒక రాత్రి అన్నం దగ్గర చూశాను. బిడ్డ జొన్నరొట్టెను ఎడమ చేత్తో తుంచుతున్నది. తల్లి కోప్పడింది. అది ఏమీ అనకుండా కుడి చేత్తో తుంచబోయింది, రొట్టె తెగలేదు. జొన్నరొట్టె తుంచడానికి ఎంత బలం కావాలె చెప్పండి?

"ఎన్ని దినాల నుంచి బిడ్డా?" అన్నాను.

"నెల అయితాంది బాపూ. రాత్రిపూట తిమ్మిరెక్కి లేస్తున్న. చెయ్యి దులుపుకుంటే తగ్గుతాంది. గీయకపోతే పని పోతదని చెప్పలే."

మా ఇంట్లో అసలు కష్టం అక్కడ మొదలైంది. ఆ జీతం మీదనే ట్యాబ్లెట్ వాయిదా, తమ్ముడి హాస్టల్ ఫీజు నడుస్తున్నాయి. దానికి ఉన్న ఆస్తి ఆ కుడి చెయ్యి ఒక్కటే.

మొదట మేము చేసిన తప్పు చెబుతాను. నరం తప్పి ఉంటుందని ఎవరో చెబితే తైలం పెట్టి మర్దన చేసే ఒకాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన బొటనవేలు గుంజి, మణికట్టు తిప్పి, గట్టిగా రుద్దాడు. మరుసటి రోజుకు బొటనవేలి మొదట్లో వాచింది. తర్వాత వంతెన దాటి వరంగల్ పోయి ఎముకల డాక్టర్‌కు చూపించాం. ఆ డాక్టరమ్మ చెయ్యి ముట్టుకోకముందు అడిగిన ప్రశ్న ఇది: "ఎక్కడ కూర్చుని గీస్తావమ్మా?"

మంచం మీద. నవారు మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో మెత్త, మెత్త మీద ట్యాబ్లెట్, ఎదురుగా ఇంకో మెత్త మీద ల్యాప్‌టాప్. రాత్రి పది నుంచి మూడు దాకా, ఎందుకంటే మా వాడలో ఆ వేళకే నెట్ బాగా వస్తుంది, వోల్టేజీ నిలబడుతుంది. ఇంట్లో వాళ్ల నిద్ర చెడకుండా లైటు ఆపేసి. ఇది విన్నాక ఆమె రెండు పరీక్షలు చేసింది. ఆ రెండూ మీరు ఇంట్లో చూసుకోవచ్చు కాబట్టి చెబుతున్నాను.

మొదటిది. బొటనవేలిని పిడికిలి లోపల పెట్టి మూసి, మణికట్టును మెల్లగా చిటికెనవేలి వైపు వంచాలి. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన చురుక్కుమంటే అక్కడి నరాలు కదిలే గొట్టం వాచినట్టు. మనం నరాలు అంటాం గానీ నిజానికి అవి కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు, తెల్లటి పట్టెడలు. బాగున్న చేతికి కూడా కొద్దిగా లాగినట్టు ఉంటుంది కాబట్టి రెండు చేతులూ పోల్చి చూడాలి. రెండోది. రెండు మణికట్లు కిందికి వంచి, అరచేతుల వెనుక భాగాలు ఒకదానికొకటి ఆనించి ఒక నిమిషం ఉంచాలి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కితే అసలు నరం నలుగుతున్నట్టు. మణికట్టులో ఒక ఇరుకు సొరంగం ఉంటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది తాళ్లు, వాటితోపాటు ఒక నరం అందులోంచే పోతాయి. మణికట్టు కిందికి వంగినా, మీదికి విరిచినా ఆ సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. తాళ్లు వాస్తే జాగా ఇంకా తగ్గుతుంది. నలిగేది నరం.

తిమ్మిరి ఏ వేళ్లకు వచ్చిందో చూడడం ముఖ్యం. ఉంగరపువేలు, చిటికెనవేలు తిమ్మిరెక్కితే తప్పు చాలాసార్లు మణికట్టులో కాదు, మోచేతి దగ్గర. మోచెయ్యి గట్టి అంచు మీద ఆనించి గంటలు గడిపేవాళ్లకు అట్లా అవుతుంది. మా బిడ్డకు రెండు పరీక్షల్లోనూ తప్పు తేలింది. బొటనవేలి గొట్టం వాచింది, నరమూ నలుగుతున్నది.

డాక్టరమ్మ ఒక పాత ముచ్చట చెప్పింది. రమజ్జిని అని ఇటలీ వైద్యుడు ఉండేవాడట. ఏ పనివాళ్లకు ఏ రోగం వస్తుందో పుస్తకం రాశాడు. 1713లో దానికి కొత్త అధ్యాయాలు చేర్చినప్పుడు లెక్కలు, దస్తావేజులు రాసే గుమస్తాల గురించి కూడా రాశాడు. వాళ్ల బాధకు ఆయన చెప్పిన కారణాలు మూడు: కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరుగా ఆడడం, తప్పు పోకూడదనే మనసు బిగువు. అందులో ఒక గుమస్తా కుడి చెయ్యి పడిపోతే ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నాడు. కొన్నాళ్లకు ఎడమ చేతికీ అదే వచ్చింది. "నువ్వు కూడా ఎడమ చేత్తో మౌస్ పట్టి చూసి ఉంటవు కదా?" అని ఆమె నవ్వితే బిడ్డ తల వంచుకుంది. చెయ్యి మార్చితే రోగం చెయ్యి మారుతుంది, అంతే. మారాల్సింది పని చేసే తీరు.

ఆమె రాసిచ్చింది ఇది. రెండు వారాలు గీత బంద్. మణికట్టును తిన్నగా ఉంచే పట్టీ ఆరు వారాలు, రాత్రి నిద్రలో మాత్రమే. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుంటుంది, అందుకే తిమ్మిరి రాత్రి వస్తుంది. పగలు గీసేటప్పుడు గట్టి పట్టీ వద్దంది, మణికట్టు కదలకపోతే ఆ బరువు మోచేతి మీద, భుజం మీద పడుతుంది. నొప్పి గోలీ వేసుకుని గీయవద్దని మాత్రం రెండుసార్లు చెప్పింది. గోలీ నొప్పిని దాస్తుంది గానీ తాడు అరగడాన్ని ఆపదు.

ఆ రెండు వారాల్లో నేను టేపు పట్టుకున్నాను.

నేను బోర్డు రాసేటప్పుడు కుడి చేతి కింద ఒక కర్ర ఉండేది. ఎడమ చేత్తో కర్ర పట్టుకుని, దాని చివర గుడ్డ ఉండ బోర్డుకు ఆనించి, దాని మీద కుడి చెయ్యి వాల్చి గీసేవాణ్ణి. చెయ్యి బరువును కర్ర మోసేది, గీత భుజం నుంచి, మోచేతి నుంచి వచ్చేది. ఇరవై ఏళ్లలో నాకు నడుము పోయింది గానీ మణికట్టు పోలేదు. బిడ్డ దగ్గర ఆ కర్ర లేదు. ఒళ్లో మెత్త మీద చెయ్యి గాలిలో వేలాడుతుంది, మణికట్టు వెనక్కి విరుగుతుంది, గీతంతా వేళ్ల నుంచే. కాబట్టి ముందు ఆ చేతికి ఒక ఆసరా కావాలి. ఆ ఆసరా టేబుల్.

మా ఇంట్లో పాత టేబుల్ ఉంది, ఎత్తు 76 సెంటీమీటర్లు. ప్లాస్టిక్ కుర్చీ కూర్చునే చోటు 43. బిడ్డను దాని మీద కూర్చోబెట్టి భుజాలు వదిలేయమన్నాను, మోచేతులు పక్కటెముకల దగ్గర తొంభై డిగ్రీలు మడవమన్నాను. మోచేతి కింది నుంచి కుర్చీ దాకా కొలిస్తే 22. అంటే నేల నుంచి మోచెయ్యి 65 సెంటీమీటర్ల మీద ఉంది. టేబుల్ దానికన్నా 11 ఎక్కువ. ఆ టేబుల్ మీద గీయాలంటే రెండు భుజాలూ మీదికి ఎత్తాలి, గంటల తరబడి ఎత్తే ఉంచాలి. అది మంచం వదిలి టేబుల్ ఎక్కిన మొదటి వారంలోనే మెడ పట్టేసి మళ్లీ మంచం ఎక్కడానికి కారణం ఇదే. మన ఇళ్లలో టేబుళ్లు దాదాపు అన్నీ ఈ ఎత్తే. అవి తినడానికి చేసినవి, గీయడానికి కాదు.

రెండు దారులు ఉన్నాయి. కుర్చీ 11 సెంటీమీటర్లు లేపి కాళ్ల కింద పీట వేయడం ఒకటి. టేబుల్ కాళ్లు కోయడం రెండోది. వడ్లాయనను పిలిచి 12 కోయించాను. టేబుల్ 64 అయింది, ట్యాబ్లెట్ మందం కలిస్తే సరిగ్గా మోచేతి కింద వచ్చింది. కోసే ముందు ఒకటి చూడాలి, తొడలకు కింద జాగా ఉంటుందా అని. మా టేబుల్‌కు కింద సొరుగు లేదు కాబట్టి సరిపోయింది. సొరుగు ఉన్నవాళ్లు కోయకండి, కుర్చీ లేపండి. కుర్చీ మా బిడ్డకు మూడు సెంటీమీటర్లు ఎత్తే, పాదాలు పూర్తిగా నేలకు ఆనవు. పాదాల కింద ఒక చెక్కపలక వేశాం. పాదాలు ఆనకపోతే మనిషి ముందుకు జారుతుంది, నడుము గూనవుతుంది.

కోసిన నాలుగు ముక్కలు పారేయలేదు. వాటి మీద ఒక పలక కొట్టి ల్యాప్‌టాప్ కింద పెట్టాం, పైన రెండు పాత టెక్స్ట్ పుస్తకాలు. ఇప్పుడు స్క్రీన్ పై అంచు కంటికి కొద్దిగా కింద ఉంటుంది, దూరం చెయ్యి చాపితే తగిలేంత. మన తల నాలుగైదు కిలోలు ఉంటుంది. నిటారుగా ఉంటే ఆ బరువు వెన్ను మీద నిలబడుతుంది. ముందుకు వంగితే అదే తల పొడుగు కర్ర చివర కట్టిన బిందె లెక్క అవుతుంది, దాన్ని మెడ వెనుక కండరాలు లాగి పట్టుకోవాలి. ల్యాప్‌టాప్ లేపినప్పుడు దాని మీటలు అందవు కాబట్టి విడిగా ఒక చిన్న కీబోర్డు కొన్నాం. అది ఎడమ చేతి దగ్గర ఉంటుంది.

టేబుల్ లేనివాళ్లు ఏం చేయాలని అడుగుతారు. నేల మీద కూర్చోవడం తప్పు కాదు, మంచం మీద కూర్చోవడమే తప్పు. నవారు కుంగుతుంది, మోకాళ్లు పైకి, పిర్రలు కిందికి పోతాయి, నడుము ఒంపు చదునైపోతుంది. నేల మీద అయితే గట్టిగా మడిచిన బొంత వేసి పది సెంటీమీటర్లు ఎత్తు చేయండి, మోకాళ్లకన్నా పిర్రలు ఎత్తుగా ఉండాలి. వీపు గోడకు ఆనాలి. ముందు చిన్న పీటబల్ల, మోచేతి ఎత్తుకు. కొలత సూత్రం అదే, అంకెలు మారతాయి.

ఇక గీత సంగతి. బిడ్డ పని లెక్క నేను కాగితం మీద వేశాను. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. వీళ్లు ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలుపుతారు, అంటే సెకనుకు 12 బొమ్మలు. వారానికి 20 సెకన్ల ముక్క అంటే 240 బొమ్మలు. బొమ్మకు 30 గీతలు అనుకున్నా, మొదట చిత్తుగా ఒకసారి, తర్వాత శుభ్రంగా ఒకసారి, 14,400 గీతలు. నేను పక్కన కూర్చుని చూస్తే బిడ్డ ఒక్కో గీతను గీసి `Ctrl+Z` కొట్టి మళ్లీ గీస్తున్నది, సగటున మూడుసార్లు. లెక్క 43,200 అయింది. పనికి కావలసినవి అందులో మూడో వంతే. తక్కినవి మనసు బిగువు గీసినవి, ఆ ఇటలీ వైద్యుడు చెప్పిన మూడో కారణం.

అందుకే మొదట తగ్గించింది గంటలను కాదు, చెరిపే గీతలను. బిడ్డ వాడేది క్రితా, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. అందులో బ్రష్ పట్టుకున్నప్పుడు `Tool Options` లో `Stabilizer` అని ఒకటుంది. చెయ్యి వణికినా గీత నున్నగా వస్తుంది. శుభ్రం చేసే దశలో అది పెట్టుకుంటే ఒక గీత ఒకేసారి కుదరడం ఎక్కువైంది. చిత్తు దశలో అసలు చెరపవద్దని పెట్టుకుంది.

రెండోది, కాగితం తిప్పడం. నేను చిన్నప్పుడు ఒంపు గీయాలంటే పలకను తిప్పేవాణ్ణి, చేతిని కాదు. బిడ్డ చేతిని తిప్పుతున్నది, ఎడమ వైపు ఒంపుకు మణికట్టు పూర్తిగా చిటికెన వైపు వంగుతున్నది. బొటనవేలి గొట్టానికి దెబ్బ అక్కడే. క్రితాలో `4` కొడితే కాన్వాసు ఎడమకు, `6` కొడితే కుడికి తిరుగుతుంది, `5` కొడితే మొదటి స్థానానికి వస్తుంది. ఎడమ చేతి కింద కీబోర్డు పెట్టింది అందుకే. ఇప్పుడు ప్రతి ఒంపూ చేతికి అనువైన దిక్కులోనే గీస్తుంది. పొడుగు గీత అయితే మణికట్టు కదలకుండా మోచేతి నుంచి లాగుతుంది.

మూడోది, ఒత్తిడి. పెన్ను పట్టిన వేళ్ల గోళ్లు తెల్లబడుతున్నాయా చూడండి. తెల్లబడితే పట్టు ఎక్కువైనట్టు. బిడ్డకు తెల్లబడేవి. లావు గీత రావాలంటే గట్టిగా నొక్కాల్సి వచ్చేది. క్రితాలో `Tablet Settings` లోకి పోతే ఒత్తిడి గీత ఒకటి కనిపిస్తుంది, దాన్ని మధ్యలో పట్టుకుని పైకి లాగితే మెల్లగా నొక్కినా లావు గీత వస్తుంది. ట్యాబ్లెట్ కంపెనీ ఇచ్చే సెట్టింగుల్లో కూడా ఇట్లాంటిది ఉంటుంది. పెన్ను సన్నగా ఉంటే వేళ్లు ఎక్కువ ముడుచుకుంటాయి, అందుకని పట్టుకునే చోట గుడ్డ పట్టీ చుట్టి లావు చేశాం. ట్యాబ్లెట్ వెనుక అంచు కింద సన్నటి చెక్క పెట్టి కొద్దిగా వాలు ఇచ్చాం, మణికట్టు వెనక్కి విరగకుండా. టేబుల్ అంచు చేతికి కోసుకోకుండా ఆకురాయితో గుండ్రంగా రాశాను, దానికి ఒక పూట పట్టింది.

కళ్ల సంగతి వేరే అనుకున్నాను గానీ అదీ ఇందులోనే ఉంది. కన్ను అలిసినప్పుడు మనిషి స్క్రీన్ దగ్గరికి వంగుతుంది. వంగితే మెడ, మెడ నుంచి భుజం, భుజం నుంచి చెయ్యి. చీకటి గదిలో ఒక్క స్క్రీన్ వెలుగుతుంటే కన్ను చాలా కష్టపడుతుంది. గదిలో, స్క్రీన్ వెనుక గోడ మీద పడేటట్టు ఒక చిన్న బల్బు పెట్టాం. స్క్రీన్ వెలుగు ఎంత ఉండాలో తెలుసుకోవడానికి పక్కన ఒక తెల్ల కాగితం పట్టి చూడాలి. స్క్రీన్‌లోని తెలుపు దీపంలా మెరిస్తే ఎక్కువ, మబ్బుగా కనిపిస్తే తక్కువ, కాగితంతో సమానంగా ఉంటే సరి. పగలైతే కిటికీ పక్కన ఉండాలి, ఎదురుగా గానీ వెనుక గానీ కాదు.

స్క్రీన్ చూసేటప్పుడు మనం రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, వేసినా సగమే వేస్తాం. కంటి మీద తడి ఆరిపోయి ఇసుక పడ్డట్టు ఉంటుంది. మే నెలలో మన దగ్గర కూలర్ లేకుండా కూర్చోలేం, ఆ కూలర్ గాలి నేరుగా బిడ్డ ముఖానికి కొట్టేది. దాన్ని వీపు వైపు తిప్పాం, రెండు రోజుల్లో కళ్ల మంట సగం తగ్గింది. ఇరవై నిమిషాలకు ఒకసారి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని, ఇరవై సెకన్లు చూడమంటారు. దగ్గరి వస్తువు చూసేటప్పుడు కంటి లోపల బిగిసే కండరం దూరం చూస్తేనే వదులవుతుంది. మా కిటికీలోంచి అవతలి వాకిట్లో యాపచెట్టు ఉంది, కొలిస్తే ఇరవై అడుగులకు పైనే. పగలు చెట్టు, రాత్రి వీధి దీపం. ఇవన్నీ చేసినా సాయంత్రానికి తలనొప్పి మిగిలింది. కళ్లు పరీక్ష చేయిస్తే చిన్న నంబరు తేలింది. అద్దాలు వచ్చాక ఆ తలనొప్పి పోయింది. చిన్న నంబరే కదా అని వదిలేయవద్దు, గీసేవాళ్లకు అది పెద్దదే.

రెండు వారాల తర్వాత మళ్లీ మొదలు. అక్కడ ఇంకో తప్పు చేశాం. నొప్పి లేదు కదా అని మొదటి రోజే మూడు గంటలు గీసింది, రాత్రికి తిమ్మిరి తిరిగొచ్చింది. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే తిట్టింది. "నొప్పి పోవడం వేరే, తాడు బలపడడం వేరే" అంది. మళ్లీ పది నిమిషాల నుంచి మొదలుపెట్టాం. పది గీసి పది ఆగడం, రోజుకు మూడుసార్లు. మరుసటి రోజు పొద్దున లేచాక చెయ్యి బిగుసుకోకపోతే కొంచెం పెంచడం, బిగుసుకుంటే ముందటి రోజు లెక్కకు తగ్గడం. ఆ రోజు సాయంత్రం ఎట్లా ఉందో కాదు, మరుసటి పొద్దున ఎట్లా ఉందో చూసి పెంచాలి. గోడ మీద క్యాలెండర్‌లో అది రోజూ నిమిషాలు రాసేది. పూర్తి పనికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ మధ్యలో ఒక పని చేజారింది. రెండు వాయిదాలు నేను అప్పు చేసి కట్టాను. అది దాచకుండా మొదటి నెలలోనే చెప్పి ఉంటే ఇంత కాకపోయేదని డాక్టరమ్మ అంది.

ఇప్పుడు రోజుకు ఆరు గంటలు గీస్తున్నది. ఇరవై ఐదు నిమిషాలకు ఫోన్ మోగుతుంది, గీత సగంలో ఉన్నా లేస్తుంది. బావి దాకా నడిచి వస్తుంది, భుజాలు వెనక్కి తిప్పుతుంది, వేళ్లు పూర్తిగా చాపి విదిలిస్తుంది. మూడు నిమిషాలు. నొప్పి వచ్చాక ఆగితే అది విశ్రాంతి కాదు, వైద్యం. విశ్రాంతి నొప్పికి ముందే ఉండాలి. పైవాళ్లతో మాట్లాడి వారానికి 20 సెకన్లను 15 చేసుకుంది. జీతం కొంత తగ్గింది. నాకు అభ్యంతరం లేదు.

మీ పిల్లల్లో ఇవి కనిపిస్తే ఆగకండి: రాత్రి తిమ్మిరితో లేవడం, చేతిలోంచి గ్లాసు జారడం, బొటనవేలి కింది కండ పక్క చేతికన్నా పలచబడడం. చివరిది కనిపిస్తే అప్పటికే ఆలస్యమైనట్టు, ఆ వారమే డాక్టర్ దగ్గరికి పోవాలి. నడుమునొప్పి కాలు కిందికి పాకినా, కాలు బలం తగ్గినా అంతే. కంట్లో మెరుపులు కనిపించినా, విశ్రాంతి తీసుకున్నా మసక పోకపోయినా ఆ రోజే చూపించాలి. వీటికి తైలాలు వద్దు, గుంజడాలు వద్దు. మన దగ్గర నుంచి పెద్ద దవాఖానా దూరమే. అందుకే ముందు పట్టుకోవాలి.

మొన్న బిడ్డ జొన్నరొట్టె కుడి చేత్తో తుంచి నా పళ్లెంలో వేసింది. తల్లి చూసింది, ఏమీ అనలేదు.

మన సంఘంలో ఇట్లా ఇంట్లో గీసే పిల్లలు నాకు తెలిసి ఐదుగురు ఉన్నారు, తెలియనివాళ్లు ఇంకా ఉండొచ్చు. ఎవరింట్లోనైనా టేబుల్ కొలవాలంటే ఆదివారం పొద్దున చెప్పండి. టేపు, రంపం తీసుకుని వస్తాను. కూలీ అడగను, చాయ్ ఇస్తే చాలు. టేబుల్ మీద ఆశ ఉన్నవాళ్లు మాత్రం ముందే చెప్పండి, కోసిన కాలు మళ్లీ అతకదు.